టీచర్ నుంచి హెడ్మాస్టర్ దాకానా, లేదంటే కాలేజీ లెక్చరరా: ఏ మెట్టుకి ఏ కాగితం కావాలో ముందే చూసుకోండి

నేను కావలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తా. చిన్న క్లాసులకి చెప్పే ఎస్జీటీగా చేరి ప్రమోషన్‌లో హైస్కూల్ క్లాసులకి చెప్పే స్కూల్ అసిస్టెంట్ అయినోణ్ణి. రిజల్ట్స్ వచ్చిన నెలలో రోజుకొకరు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు, సార్ మా పాప బైపీసీ అయింది టీచర్ అవుతానంటంది ఏం చదివించాలి అని. ఒక్క మాటలో చెప్పేది కాదది. టీచర్ అంటే ఏ టీచర్, ఒకటో క్లాసుకా పదో క్లాసుకా ఇంటర్‌కా డిగ్రీకా, ఒక్కోదానికి ఒక్కో కాగితం. పైగా కింద మెట్టు మీద తీసుకున్న కాగితం పై మెట్టుకి పనికొస్తదో రాదో చూసుకోకుండా చదివేసినోళ్ళు మన జిల్లాలో బోలెడుమంది ఉండారు. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తే పోతదని రాస్తన్నా. మా అక్క కూతురి కేసు ఉంది, దాన్నే పట్టుకుని చెప్తా, అప్పుడైతే బాగా అర్థమవుద్ది.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి. ఇక్కడ నిచ్చెనలు రెండు. ఒకటి స్కూల్ నిచ్చెన, దానికి టీచర్ ట్రైనింగ్ (డీఎల్‌ఈడీ లేదా బీఈడీ), టెట్ అనే అర్హత పరీక్ష, డీఎస్సీ అనే ఉద్యోగ పరీక్ష కావాలి. రెండోది కాలేజీ నిచ్చెన, దానికి పీజీ, డిగ్రీ కాలేజీకైతే దాని పైన నెట్ లేదా సెట్ అనే లెక్చరర్ అర్హత పరీక్ష. కాలేజీ వాళ్ళు బీఈడీ ఉందా అని అడగరు, స్కూలోళ్ళు నెట్ ఉందా అని అడగరు. రెండిట్లోనూ కామన్‌గా అడిగేది ఒకటే, నీ డిగ్రీలో సబ్జెక్ట్ ఏంది. అందుకే మొదలు అక్కణ్ణుంచే.

మొదటి పని: పై మెట్టు చూసి కింద సబ్జెక్ట్ పట్టుకోవడం

మా అక్క కూతురు 2019లో ఇంటర్ బైపీసీ పాసయింది. అప్పుడు ఇంట్లో రెండు ఆలోచనలు. వాళ్ళ నాయన ఏమో రెండేళ్ళ డీఎల్‌ఈడీ చేయించేస్తే పందొమ్మిదేళ్ళకే డీఎస్సీ రాసుకోవచ్చు గదా అన్నాడు (మనోళ్ళు ఇప్పటికీ టీటీసీ అనే అంటారు దాన్ని). నేను అడ్డం పడలా, అది మంచి దారే. ఇంటర్ తర్వాత డీసెట్ అనే ఎంట్రెన్స్ రాయాలి, నెల్లూరు వాళ్ళకి పల్లిపాడులో డైట్ అనే గవర్నమెంట్ ట్రైనింగ్ కాలేజీ ఉంది, ప్రకాశం వాళ్ళకి మైనంపాడులో ఉంది. నేను చదివింది పల్లిపాడే. గాంధీ గారు వచ్చి మొదలుపెట్టిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉన్న ఊరు, సాయంత్రం పెన్న ఒడ్డుకి పోయి కూర్చునేవాళ్ళం, సరే అది వేరే కథ.

డీఎల్‌ఈడీ చేస్తే ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే ఎస్జీటీ పోస్టుకి అర్హత. ఇంకా ముఖ్యమైంది ఏందంటే ఇప్పుడు ఆ పోస్టుకి బీఈడీతో పోయే దారి లేదు. 2018లో బీఈడీ వాళ్ళని కూడా ప్రైమరీకి రానిస్తామని టీచర్ ట్రైనింగ్ రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో డీఎస్సీ వేసినప్పుడు బీఈడీ వాళ్ళని ఎస్జీటీకి రానిస్తే హైకోర్టు ఆపేసింది. కాబట్టి ఎవరన్నా "బీఈడీ చేసేయ్ రెండిటికీ పనికొస్తది" అని చెప్తే నమ్మబాకండి, అది పాత మాట.

పాపని అడిగితే "మామా నాకు చిన్నపిల్లలతో ఓపిక లేదు, పెద్ద క్లాసులకే చెప్తా" అంది. అయితే ఇంక డీఎల్‌ఈడీ వద్దు, డిగ్రీలో పడాల్సిందే. అప్పుడు కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం మీద పైనుంచి కిందకి రాశా. పైన డిగ్రీ కాలేజీ లెక్చరర్, దానికింద జూనియర్ లెక్చరర్, దానికింద ప్లస్ టూకి చెప్పే పీజీటీ, దానికింద స్కూల్ అసిస్టెంట్ బయాలజీ. ఒక్కోదాని పక్కన డిగ్రీలో ఏం సబ్జెక్ట్, పీజీలో ఏం సబ్జెక్ట్ కావాలో రాశా. బోటనీ జువాలజీ కెమిస్ట్రీ తీసుకుంటే అన్నిటికీ దారి ఉంటది. తన ఫ్రెండ్సంతా బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ అని పోతుంటే తనకీ మనసు లాగింది. చెడ్డ కోర్సులు కావు గానీ జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ తీసి చూడండి, అందులో బోటనీ ఉంటది, జువాలజీ ఉంటది, బయోటెక్నాలజీ అన్న పేరే కనపడదు. ఇంటర్‌లో ఆ సబ్జెక్ట్ లేనప్పుడు పోస్ట్ ఎక్కణ్ణుంచి వస్తది?

మేథ్స్ వాళ్ళకి ఈ తలనొప్పి తక్కువ, డిగ్రీలో మేథ్స్ ఉంటే చాలు. సోషల్ వాళ్ళకి బీఏ గ్రూపులు చాలావరకు కుదురుతాయి. ఇంగ్లీష్ వాళ్ళు మాత్రం జాగ్రత్త, డిగ్రీలో అందరూ చదివే జనరల్ ఇంగ్లీష్ లెక్కలోకి రాదు, ఇంగ్లీష్ ఒక గ్రూప్ సబ్జెక్ట్‌గా ఉండాలి, లేదంటే ఎంఏ ఇంగ్లీష్ ఉండాలి.

ఇంకో మాట, 2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఆ బ్యాచ్ పిల్లలకి పాత బీజెడ్‌సీ లాగా మూడు సబ్జెక్టులు సమానంగా ఉండవు, ఒకటి మేజర్, ఒకటి మైనర్. కాబట్టి వాళ్ళు మైనర్ ఎంచుకునేటప్పుడు కూడా బీఈడీలో సబ్జెక్ట్ ఎట్ట చెప్పాలో నేర్పే మెథడాలజీకి ఏది అడుగుతున్నారో బీఈడీ ఎంట్రెన్స్ ఎడ్‌సెట్ బుక్‌లెట్‌లో చూసి ఎంచుకోవాలి. జువాలజీ మేజర్ తీసుకుని మైనర్‌గా ఏ కంప్యూటర్సో పెట్టుకుని తర్వాత ఏడవటం కన్నా అడ్మిషన్ రోజే ఒక గంట ఎక్కువ కూర్చోవడం నయం.

రెండో పని: బీఈడీలో మెథడాలజీ

డిగ్రీ 50 శాతంతో అయిపోతే (రిజర్వేషన్ వాళ్ళకి సడలింపు ఉంటది) ఎడ్‌సెట్ రాసి బీఈడీ. 2015 నుంచి అది రెండేళ్ళ కోర్సు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, మెథడాలజీ. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీ సబ్జెక్టూ, బీఈడీ మెథడాలజీ రెండూ ఒకే సబ్జెక్ట్ అయ్యుండాలి. డిగ్రీలో బీజెడ్‌సీ, బీఈడీలో బయలాజికల్ సైన్స్ మెథడాలజీ, అప్పుడే స్కూల్ అసిస్టెంట్ అంటే ఎస్ఏ బయాలజీ. కెమిస్ట్రీ ఉంది గదా అని ఫిజికల్ సైన్స్ మెథడాలజీలో సీటొస్తే చేరిపోయి తర్వాత బయాలజీ పోస్టులు ఎక్కువ పడ్డాయని తల పట్టుకున్నోళ్ళని నేను చూశా.

క్లాసులకి పోకుండా సర్టిఫికెట్ తెచ్చుకునే బీఈడీ కాలేజీలు ఉన్నాయని అందరికీ తెలుసు, నేనేం కొత్తగా చెప్పట్లా. కాకపోతే డీఎస్సీ పేపర్‌లో మెథడాలజీ ప్రశ్నలు, సైకాలజీ ప్రశ్నలు వస్తాయి, ఆ రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటే అవి కోచింగ్ సెంటర్లో డబ్బులు కట్టి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. మా పాప రోజూ పోయి టీచింగ్ ప్రాక్టీస్ నిజంగానే చేసింది, దాని లెసన్ ప్లాన్లు నేను చూశా, బాగున్నాయి.

మూడో పని: టెట్‌ని పాసవడం కోసం కాకుండా మార్కుల కోసం రాయడం

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే, అందుకే రొంత నిదానంగా చెప్తా.

టెట్ 150 మార్కులు. ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ ఎస్టీలకి 60 వస్తే పాస్. ఎస్జీటీకి పేపర్ 1-ఏ, స్కూల్ అసిస్టెంట్‌కి పేపర్ 2-ఏ. ఒకసారి పాసయితే జీవితాంతం చెల్లుతుంది. ఈ చివరి మాట విని చాలామంది పాసవగానే టెట్ పుస్తకాలు పక్కింటోళ్ళకి ఇచ్చేస్తారు. కానీ డీఎస్సీ లెక్కేంది? డీఎస్సీ పరీక్ష 80 మార్కులు, 160 ప్రశ్నలు, ఒక్కోటి అర మార్కు. మిగతా 20 మార్కులు టెట్ నుంచి వస్తాయి. నీ టెట్ మార్కుని 20తో గుణించి 150తో భాగిస్తే వచ్చేదే నీ వెయిటేజీ.

పాప 2024లో మొదటిసారి టెట్ రాసింది, 96 వచ్చాయి. ఇంట్లో స్వీట్లు పంచారు. లెక్కేస్తే ఆ 96కి వచ్చే వెయిటేజీ 12.8. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ పడింది, 16,347 పోస్టులు, అందులో స్కూల్ అసిస్టెంట్లే 7,725. అంత పెద్ద నోటిఫికేషన్ మళ్ళీ ఎప్పుడొస్తదో తెలవదు. పరీక్ష బాగానే రాసింది, చివరికి మూడు మార్కుల దగ్గర ఆగిపోయింది. రెండ్రోజులు అన్నం తినలా. మూడోరోజు నేను పోయి కాగితం పెన్ను పెట్టి లెక్క చూపించా. నీకు టెట్‌లో 129 ఉంటే వెయిటేజీ 17.2 అయ్యేది, అంటే 4.4 మార్కులు ఎక్కువ, డీఎస్సీ పేపర్లో దాదాపు తొమ్మిది ప్రశ్నలతో సమానం, నువ్వు పోయింది డీఎస్సీలో కాదమ్మా, ఏడాది ముందు టెట్‌లో పోయావు అని. చానాసేపు మాట్లాడలా. తర్వాత "మళ్ళీ రాయొచ్చా మామా" అంది. ఎన్నిసార్లయినా రాయొచ్చు, ఏది ఎక్కువైతే అది వాడుకోవచ్చు. ఆ డిసెంబర్ టెట్‌లో నిజంగానే 129 తెచ్చుకుంది.

టెట్ పెంచుకునేదెక్కడ అంటే సబ్జెక్ట్‌లో కాదు. పేపర్ 2-ఏలో సబ్జెక్ట్‌కి 60 మార్కులు, మిగతా 90లో సైకాలజీ 30, తెలుగు 30, ఇంగ్లీష్ 30. సైన్స్ వాళ్ళంతా సబ్జెక్ట్ మీదే పడి చదువుతారు, తెలుగు మన భాషే గదా అని వదిలేస్తారు. పాపకి మొదటిసారి తెలుగులో 17 వచ్చాయి. సంధులు, సమాసాలు, ఛందస్సు పదో తరగతిలో వదిలేసింది మళ్ళీ ముట్టుకుంటే గదా. ఆరు నుంచి పది దాకా తెలుగు వాచకాలు మా స్కూల్ లైబ్రరీ నుంచి తెచ్చిచ్చా, వెనకాల ఉండే భాషాంశాలు మాత్రమే చెయ్యమన్నా, రెండోసారి 26 వచ్చాయి. ఇంగ్లీష్ కూడా అంతే, స్కూల్ గ్రామరే, అంతకుమించి ఏం లేదు.

డీఎస్సీ గురించి ఇంకో రెండు సంగతులు, తొందరగా చెప్పేస్తా. ఎస్జీటీ, ఎస్ఏ జిల్లా పోస్టులు, 2025 మెగా డీఎస్సీలో 80 శాతం లోకల్ వాళ్ళకే ఇచ్చారు. లోకల్ అంటే మీ ఆధార్‌లో ఉన్న ఊరు కాదు, మీరు చదువుకున్న ఊరు. నెల్లూరు జిల్లా పిల్లల్ని ఆరేడు తరగతుల నుంచే విజయవాడ, తిరుపతి హాస్టళ్ళలో వేస్తారు గదా, ఆ పిల్లలు ఇరవై రెండేళ్ళకి డీఎస్సీ అప్లికేషన్‌లో స్టడీ సర్టిఫికెట్లు పెట్టేటప్పుడు చూసుకుంటే సొంత జిల్లాలో నాన్‌లోకల్ అయి కూర్చుంటారు. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి, చిన్న ప్రైవేట్ స్కూళ్ళు మూతబడితే తర్వాత వాటి కోసం తిరగలేక చస్తారు. వయసు సంగతి, గత మెగా డీఎస్సీలో ఓసీలకి 44 ఏళ్ళ దాకా ఇచ్చారు, కాబట్టి ముప్పై దాటిందని దిగులు పడే పని లేదు.

ఉద్యోగం వచ్చాక స్కూల్ నిచ్చెన ఎట్ట ఎక్కాలి

ఇది నా కథ కాబట్టి బాగా తెలుసు. ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్ జిల్లా సీనియారిటీ లిస్ట్ ప్రకారం, అది కూడా సబ్జెక్ట్ వారీగా. సీనియారిటీ ఉంటే చాలదు, ఆ సబ్జెక్ట్‌లో డిగ్రీ, ఆ మెథడాలజీతో బీఈడీ ఉండాలి. డీఎల్‌ఈడీతో చేరిన ఎస్జీటీ సర్వీసులో ఉంటూనే ఇవి రెండూ సంపాదించుకోవాలి. డిగ్రీ దూరవిద్యలో చేయొచ్చు. బీఈడీ అయితే ఇగ్నోలో సర్వీసులో ఉన్న ట్రైనింగ్ అయిన ప్రైమరీ టీచర్లు చేసుకునే దూరవిద్య బీఈడీ ఉంది, బయట చాలామందికి ఆ సంగతే తెలవదు. ఏది చేసినా చేరేముందు డిపార్ట్‌మెంట్ పర్మిషన్ లెటర్ పెట్టుకోండి.

పర్మిషన్ ఒకెత్తు, సర్వీస్ రిజిస్టర్ అంటే ఎస్సార్‌లో ఎంట్రీ ఇంకోఎత్తు. నా బీఈడీ అయిపోయింది, సర్టిఫికెట్ వచ్చింది, జిరాక్స్ ఆఫీస్‌లో ఇచ్చి వచ్చా, గుమాస్తా ఎక్కిస్తాలే సార్ అన్నాడు. నేను మర్చిపోయా, ఆయనా మర్చిపోయాడు. ప్రమోషన్ల ప్రొవిజినల్ లిస్ట్ వచ్చినరోజు చూస్తే నాకంటే జూనియర్లు ఉండారు, నేను లేను. అభ్యంతరాలకి ఇచ్చింది రెండ్రోజులు, అందులో ఒకటి ఆదివారం. ఎస్సార్ తీయించి చూస్తే బీఈడీ అన్న పదమే లేదు అందులో. మళ్ళీ ప్రమోషన్లు జరిగేసరికి ఏడాదిన్నర పట్టింది, ఈలోపు మా బ్యాచ్ వాడు ఒకడు నాకంటే ముందు ఎస్ఏ అయ్యాడు, ఆ తేడా హెచ్ఎం సీనియారిటీలో ఇప్పటికీ నా ముందే ఉంది. కాబట్టి ఏ పరీక్ష పాసయినా, ఏ సర్టిఫికెట్ వచ్చినా వారంలోపు పోయి ఎస్సార్‌లో రాయించి, సంతకం పెట్టించి, ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకుని రండి. గుమాస్తా ఏమనుకుంటాడో అని మొహమాటపడబాకండి, టీ తాగించండి, పని చేయించుకోండి.

స్కూల్ అసిస్టెంట్ నుంచి పైకి గ్రేడ్-2 గెజిటెడ్ హెడ్మాస్టర్. ఇక్కడ సబ్జెక్ట్ గొడవ పోతది, అన్ని సబ్జెక్టుల ఎస్ఏలూ ఒకే సీనియారిటీలోకి వస్తారు. కానీ ఇది జిల్లా లెక్క కాదు, జోన్ లెక్క. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు పాత లెక్కలో మూడో జోన్, అందుకే కావలిలో ఇల్లు కట్టుకున్న సార్ హెచ్ఎం అయ్యేసరికి పల్నాడు వైపు పోస్టింగ్ వచ్చి పోవాలా వద్దా అని తన్నుకుంటుంటాడు.

హెచ్ఎం అవ్వాలంటే ఏపీపీఎస్సీ పెట్టే డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసవ్వాలి, గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్ అంటే పేపర్ కోడ్లు 88, 97, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్ కోడ్ 141. అప్లికేషన్‌లో కోడ్ తప్పు టిక్ పెడితే అంతే సంగతులు, ఫీజూ పోద్ది సెషనూ పోద్ది. 45 దాటితే మినహాయింపు ఉంటది గదా అని సాగదీసే వాళ్ళు స్టాఫ్‌రూమ్‌కి ఒకరన్నా ఉంటారు. ప్రమోషన్ నీకు 43కే వచ్చిందనుకో, టెస్ట్ లేదు వయసూ రాలా, నీ వెనకోడు పోతాడు. పైగా ఎస్ఏలకి 12 ఏళ్ళ సర్వీస్‌కి ఇచ్చే పై స్కేల్ కూడా ఈ టెస్టులతో ముడిపడి ఉంది, అంటే హెచ్ఎం కాకపోయినా జీతంలో నష్టం. చేరిన మూడు నాలుగేళ్ళలో రాసి పారేయండి, ఆ వయసులో చదివింది గుర్తుంటది.

కొత్తగా వచ్చిన మెలిక ఇంకోటి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సర్వీసులో ఉన్న టీచర్లకి కూడా టెట్ ఉండాలని తీర్పు ఇచ్చింది, టెట్ లేనోళ్ళకి రెండేళ్ళు టైమ్. రిటైర్మెంట్ ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళు టెట్ లేకపోయినా ఉద్యోగంలో ఉండొచ్చు గానీ ప్రమోషన్ కావాలంటే మాత్రం రాయాల్సిందే. మా స్కూల్లో యాభై రెండేళ్ళ సోషల్ సార్ ఒకాయన లంచ్ అవర్‌లో సైకాలజీ బిట్లు చదువుతుంటే పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వుకుంటన్నారు. ఎస్జీటీగా ఉండి ఎస్ఏ ప్రమోషన్ మీద ఆశ ఉన్నోళ్ళు పేపర్ 1తో ఆగిపోకుండా పేపర్ 2 కూడా రాసి పెట్టుకోవడమే తెలివైన పని.

కాలేజీ నిచ్చెన

ఇప్పుడు మళ్ళీ మా పాప దగ్గరికి. బీఈడీ అవగానే 2024లో పీజీసెట్ రాసి ఎమ్మెస్సీ జువాలజీలో చేరింది, డీఎస్సీ రాసింది కూడా ఎమ్మెస్సీ చదువుతానే. ఎమ్మెస్సీ ఎందుకంటే ఆ ఒక్క కాగితంతో మూడు తలుపులు తెరుచుకుంటాయి.

ఒకటి పీజీటీ. మోడల్ స్కూళ్ళు, గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయాల్లో ప్లస్ టూకి చెప్పే పోస్ట్, పీజీ ప్లస్ బీఈడీ రెండూ కావాలి. మెగా డీఎస్సీలో కూడా పీజీటీ పోస్టులు 286, ప్రిన్సిపాల్ పోస్టులు 52 ఉన్నాయి. అంటే డైరెక్ట్‌గా ప్రిన్సిపాల్ అయ్యే దారి కూడా అక్కడ ఉంది, దానికీ పునాది పీజీ, బీఈడీ, అనుభవం. అనుభవం అంటే ఇప్పుడు చేస్తున్న ప్రైవేట్ స్కూల్ సర్వీస్ కూడా పనికి రావచ్చు, కాకపోతే గుర్తింపు ఉన్న స్కూల్ అయ్యుండాలి, అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాగితం ఉండాలి, జీతం చేతికి కాకుండా బ్యాంకులో పడాలి. నోటి మాట మీద ఆరేళ్ళు పనిచేసి చివరికి సర్టిఫికెట్ అడిగితే మొహం చాటేసే మేనేజ్‌మెంట్లు ఉన్నాయి.

రెండోది గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో జూనియర్ లెక్చరర్, మనోళ్ళు జేఎల్ అంటారు. సంబంధిత సబ్జెక్ట్‌లో పీజీ చాలు, బీఈడీ అక్కర్లా, నెట్ అక్కర్లా. ఏపీపీఎస్సీ పరీక్ష, జనరల్ స్టడీస్ 150 మార్కులు, సబ్జెక్ట్ 300 మార్కులు, తప్పుకి మైనస్ ఉంటది. జేఎల్ నుంచి సీనియారిటీతో జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ అవుతారు. చెప్పుకోడానికి బాగానే ఉంది గానీ 2023 చివర్లో వచ్చిన నోటిఫికేషన్‌లో రాష్ట్రం మొత్తానికి 47 పోస్టులు, అన్ని సబ్జెక్టులూ కలిపి. ఒక్క దాన్నే నమ్ముకుని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రూమ్ తీసుకుని నాలుగేళ్ళు కూర్చోవడం నేనైతే ఒప్పుకోను. పాపకి అదే చెప్పా, స్కూల్ అసిస్టెంట్ నీ తిండి, జేఎల్ నీ ఆశ, తిండి మానేసి ఆశ మీద బతకబాక అని.

మూడోది డిగ్రీ కాలేజీ. పీజీలో 55 శాతం (ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులకి 50), దాని పైన నెట్ గానీ మన రాష్ట్ర ఏపీసెట్ గానీ పాసయ్యుండాలి, లేదా పీహెచ్‌డీ ఉండాలి. పీహెచ్‌డీ కచ్చితం అని మధ్యలో ఒక మాట నడిచింది గదా, 2023 జులైలో యూజీసీ దాన్ని తీసేసి నెట్, సెట్ ఉంటే చాలు అని తేల్చేసింది. ఏపీసెట్ ఆంధ్రా యూనివర్సిటీ పెడుతుంది, అది ఈ రాష్ట్రంలోనే చెల్లుతది, నెట్ దేశమంతా చెల్లుతది.

55 అంటే 55. 54.8 వచ్చింది గదా దగ్గరికి వేసుకోండి అంటే కుదరదు, రౌండింగ్ లేదని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. ఒంగోలు అబ్బాయి ఒకతను నాకు తెలుసు, ఓసీ, పీజీలో 54 చిల్లర, నెట్ రాసే అర్హతే లేక రెండు పేపర్లు మళ్ళీ ఇంప్రూవ్‌మెంట్ రాసుకున్నాడు. పీజీ మొదటి సెమిస్టర్లో నిర్లక్ష్యం చేసిందే తర్వాత ఇట్ట బయటపడుద్ది. మూడో సెమిస్టర్ అవగానే టోటల్ వేసుకుని చూడండి, తక్కువ పడేటట్టుంటే అప్పటికింకా ఒక సెమిస్టర్ చేతిలో ఉంటది.

సైన్స్ పిల్లలు తికమకపడేది ఇంకోటుంది. నెట్ అంటే అందరూ యూజీసీ నెట్ అనుకుంటారు, అందులో బోటనీ జువాలజీ కోసం వెతుకుతారు, ఉండవు. సైన్స్‌కి సీఎస్‌ఐఆర్ నెట్ వేరే, అందులో లైఫ్ సైన్సెస్ అని ఒకే పేపర్, బోటనీ వాళ్ళూ జువాలజీ వాళ్ళూ బయోటెక్ వాళ్ళూ అందరూ అదే రాయాలి. జువాలజీ పిల్లకి మొక్కల ఫిజియాలజీ ప్రశ్నలు వస్తే బెదిరిపోబాక, ప్రశ్నల్లో ఎంచుకునే వీలుంటది. తెలుగు, హిస్టరీ, ఎకనామిక్స్, కామర్స్ వాళ్ళకి యూజీసీ నెట్టే.

డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ అంటారా, అది దూరం. యూజీసీ 2018 నిబంధనల్లో పీహెచ్‌డీ, అసోసియేట్ ప్రొఫెసర్ లేదా ప్రొఫెసర్ హోదా, 15 ఏళ్ళ అనుభవం, కనీసం 10 రీసెర్చ్ పేపర్లు, 110 రీసెర్చ్ స్కోర్ అడుగుతారు. లెక్చరర్‌గా చేరాక పీహెచ్‌డీ పదేళ్ళు వాయిదా వేస్తే ఆ కుర్చీ కనపడుద్ది గానీ అందదు.

ఇప్పుడు పాప ఏం చేస్తంది

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్. మూడో సెమిస్టర్ దాకా 68 శాతం, కాబట్టి 55 భయం లేదు. టెట్ 129 చేతిలో ఉంది. పొద్దున డీఎస్సీ కంటెంట్ చదువుద్ది, అంటే ఆరు నుంచి ఇంటర్ దాకా బయాలజీ, అది జేఎల్‌కి కూడా పునాదే. సాయంత్రం లైఫ్ సైన్సెస్ పాత పేపర్లు. రెండూ ఒకే సబ్జెక్ట్ కాబట్టి కుదిరింది, డిగ్రీలో బయోటెక్ తీసుకునుంటే రెండు పడవల మీద కాళ్ళయ్యేది.

మొన్న ఆదివారం ఇంటికి పోయి దాని సర్టిఫికెట్ల ఫైల్ మొత్తం తీయించా. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఒక అక్షరమే ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీ ప్రొవిజినల్‌లో వాళ్ళ నాయన పేరు ఒక అక్షరం తప్పు పడింది. ఆధార్ టెన్త్ ప్రకారం మార్పించడానికి మీసేవకి పంపించా, డిగ్రీది యూనివర్సిటీలో అప్లికేషన్ పెట్టించా, ఒరిజినల్ డిగ్రీకి ఇంకా డబ్బులు కట్టలేదంట, అదీ కట్టించా. స్టడీ సర్టిఫికెట్లలో ఐదో తరగతిది లేదు, ఆ స్కూల్ మూతబడి ఆరేళ్ళయింది, రికార్డులు ఎంఈఓ ఆఫీస్‌లో ఇచ్చారంట, సోమవారం వాళ్ళ నాయన పోతానన్నాడు.